పంచమం మీద పడ్డ దగ్గు

దగ్గు మనకు ఒకే చప్పుడులా వినిపిస్తుంది గానీ, అది మూడు ముక్కలుగా వస్తుంది. ముందు గొంతు మూసుకుని లోపల గాలి బిగిసి, ఒక్కసారిగా తెరుచుకున్నప్పుడు పుట్టే పేలుడు. అది సెకనులో ఇరవయ్యో వంతుకు అటూ ఇటూగా ముగిసిపోతుంది. దాని వెనకే గాలి బుస్సున బయటికి తన్నుకొచ్చే హోరు. చివర్లో కొందరికి గొంతు కూడా కలిసి, చిన్న మూలుగులాంటిది వస్తుంది. అన్నీ కలిపినా సుమారు అర సెకను. ఆ అర సెకను ఏ రాగాలాపన మధ్యలోనో పడితే మాత్రం, ఆ రికార్డింగ్ విన్న ప్రతిసారీ చెవి అక్కడే తగులుకుంటుంది.

సభలో కూర్చుని విన్నప్పుడు అదే దగ్గు అంతగా బాధించదు. శబ్దం ఏ దిక్కు నుంచి వస్తోందో మన రెండు చెవులూ పసిగడతాయి. గాయకుడు ఎదురుగా ఉన్నాడు, దగ్గు వెనక వరసలోంచి వచ్చింది, కాబట్టి మనసు దాన్ని పక్కకు నెట్టేస్తుంది. మైకుకు ఆ వివేకం లేదు. పాటనూ దగ్గునూ ఒకే తీగలోకి దింపేస్తుంది. ఇంటికొచ్చి వింటే దగ్గిన మనిషి గాయకుడి పక్కనే కూర్చున్నట్టు ఉంటుంది.

దాన్ని తీసేయడానికి ముందుగా తోచే మార్గాలేవీ పనికిరావు. ఆ అర సెకనును కోసి పారేస్తే తంబుర నాదం ఒక్క గంతు వేస్తుంది. అది కీర్తన అయితే తాళమే తప్పుతుంది. అక్కడ వాల్యూమ్ తగ్గిస్తే దగ్గుతో పాటు పాటా మునుగుతుంది. ఫిల్టర్ పెడదామంటే, దగ్గు హోరు కొన్ని వందల హెర్ట్జ్ నుంచి 8,000 హెర్ట్జ్ దాటి పరుచుకుని ఉంటుంది. మనిషి గొంతు ఉండేదీ అక్కడే. టేపుల కాలంలో ఎడిటర్లు బ్లేడుతో టేపు కోసి, అదే పాటను మరోసారి పాడించిన ముక్కను అతికించేవారు. కచేరీలో మనోధర్మంగా పుట్టిన ఆలాపనకు మరోసారి అనేది ఉండదు.

శబ్దాన్ని బొమ్మగా చూడగలిగాక ఈ చిక్కు చాలావరకు వీడింది. ఆ బొమ్మను స్పెక్ట్రోగ్రామ్ అంటారు. ఎడమ నుంచి కుడికి కాలం నడుస్తుంది. కింది నుంచి పైకి స్థాయి పెరుగుతుంది. ఎక్కడ బలం ఎక్కువగా ఉంటే అక్కడ వెలుగు ఎక్కువ. ఈ బొమ్మలో తంబుర ఒకదానిపై ఒకటి సమాన దూరాల్లో పేర్చిన అడ్డగీతల్లా కనిపిస్తుంది. నిలిపిన స్వరం కూడా అడ్డగీతలే. గమకం వేస్తే ఆ గీతలన్నీ ఒక్కసారిగా కలిసి వంపులు తిరుగుతాయి. మృదంగం మీద దెబ్బ నిలువు గీత. దగ్గు మాత్రం నిలువునా ఒక సన్నటి మెరుపు, దాని కుడివైపున ఒక మబ్బు. పాటకు గీతలున్నాయి, దగ్గుకు లేవు. ఒకే క్షణంలో, ఒకే స్థాయిలో కలిసిపోయిన రెండు శబ్దాలను విడదీయగలగడానికి ఆధారం ఈ తేడాయే.

కేంబ్రిడ్జ్‌కు చెందిన సీడార్ సంస్థ 'రీటచ్' అనే పనిముట్టుతో ఈ దారిని మొదట్లోనే పట్టుకుంది. 2007లో ఐజోటోప్ ఆర్ఎక్స్ వచ్చాక మామూలు కంప్యూటర్ ఉన్న ప్రతి స్టూడియోకూ ఇది అందింది. పని జరిగే తీరు ఇది. సాఫ్ట్‌వేర్ శబ్దాన్ని చిన్న చిన్న కాలపు ముక్కలుగా తీసుకుని, ఒక్కో ముక్కలో ఏ స్థాయి ఎంత బలంగా ఉందో లెక్కగడుతుంది. చెడిన చోటును మనం గీసి చూపిస్తాం. దానికి ముందూ వెనకా ఉన్న మంచి భాగాన్ని చూసి, మధ్యలో ఏముండాలో అది అంచనా కడుతుంది. చిరిగిన చీరను రఫూ చేసే మనిషి చిరుగు అంచుల్లో మిగిలిన దారాలను చూసి అవే నేతలో కలుపుకుపోయినట్టు, ఇటు గీతనూ అటు గీతనూ కలిపి మధ్య నింపుతుంది. ఆ దగ్గు కింద గాయకుడు నిజంగా పాడింది తిరిగి దొరుకుతుందని అనుకోకూడదు. పక్కనున్న దాన్నిబట్టి అల్లిన కొత్త ముక్క మాత్రమే వస్తుంది. ఈ పనిలో మిగతా జాగ్రత్తలన్నీ ఈ సంగతి నుంచి పుట్టినవే.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఒకటిన్నర శ్రుతిలో ఒకాయన ఆలాపన చేస్తున్నారు. షడ్జం సుమారు 138.6 హెర్ట్జ్. ఆయన పంచమం మీద నిలిచారు, అంటే దాదాపు 208 హెర్ట్జ్. తెరమీద 208, 416, 624 దగ్గర, అలా పైకి సమాన దూరాల్లో గీతలు కనిపిస్తాయి. సరిగ్గా అక్కడ దగ్గు పడింది.

ముందుగా ఒక మాట. మైకులన్నీ విడివిడిగా రికార్డయి ఉంటే దగ్గు ఎక్కడెక్కడ పడిందో చూడాలి. గాయకుడి నోటి దగ్గరి మైకులో అది చాలా పల్చగా, సభ శబ్దం కోసం పెట్టిన మైకులో దట్టంగా ఉంటుంది. అప్పుడు ఆ సభ మైకునే బాగుచేస్తే చాలు, గొంతును ముట్టుకోనక్కర్లేదు. చాలా కచేరీలు అన్నీ కలిసిపోయిన ఒకే రికార్డింగ్‌గా దొరుకుతాయి కాబట్టి, మన ఉదాహరణ కూడా అలాంటిదే అనుకుందాం.

బొమ్మ ఎంత స్పష్టంగా ఉండాలన్నది మొదటి నిర్ణయం. ఇక్కడ ప్రకృతి ఒక బేరం పెట్టింది. కాలాన్ని సన్నగా చూస్తే స్థాయి మసకబారుతుంది, స్థాయిని సన్నగా చూస్తే కాలం మసకబారుతుంది. తర్వాత హోలోగ్రఫీకి నోబెల్ అందుకున్న డెన్నిస్ గాబర్ 1946లోనే శబ్దం విషయంలో ఈ పరిమితిని వివరించారు. సెకనుకు 44,100 నమూనాల రికార్డింగ్‌లో, లెక్కకు ఒక్కసారి 2,048 నమూనాలు తీసుకుంటే 46 మిల్లీసెకన్ల ముక్కలు వస్తాయి. స్థాయిల మధ్య తేడా 21.5 హెర్ట్జ్ మెట్లుగా కనిపిస్తుంది. పంచమం గీతల మధ్య దూరం 208 హెర్ట్జ్ కాబట్టి, గీతకూ గీతకూ నడుమ తొమ్మిది పది మెట్ల ఖాళీ ఉంటుంది. దగ్గు మబ్బు కనిపించేది ఆ ఖాళీల్లోనే. ఈ పనికి 2,048 సరిపోతుంది.

కొత్తగా చేసేవారు దగ్గు మొత్తాన్ని ఒక పెద్ద పెట్టెలా గీసి, ఒకే మీటతో తీసేయబోతారు. అప్పుడు వచ్చేది వినే ఉంటారు. గొంతు నీళ్లలోంచి వస్తున్నట్టు, లోహపు డబ్బాలోంచి వస్తున్నట్టు ఉంటుంది. అర సెకను వెడల్పున్న ఖాళీకి రెండు అంచుల నుంచి దొరికే సమాచారం చాలదు. దగ్గును అది పుట్టిన మూడు ముక్కలుగానే విడదీసుకోవాలి.

మొదటి పేలుడు సుమారు 40 మిల్లీసెకన్లు. దాన్ని నిలువునా సన్నగా గీసి, ఆర్ఎక్స్‌లోని `Spectral Repair`లో `Replace` వాడొచ్చు. ఇంత ఇరుకు చోటులో పాత శబ్దాన్ని పూర్తిగా తీసి కొత్తది అల్లినా చెవికి అందదు, ఎందుకంటే నిలిచిన పంచమం ఆ కొద్ది వ్యవధిలో మారేది చాలా తక్కువ. ఆ తర్వాతి మబ్బు వేరు. అక్కడ పాట గీతలు ఇంకా కనిపిస్తూనే ఉంటాయి, వాటి మధ్య హోరు నిండి ఉంటుంది. గీతలను వదిలేసి వాటి మధ్య ఖాళీలను మాత్రమే ఎంచుకుని `Attenuate` వాడాలి. ఇది దేన్నీ చెరిపేయదు. చుట్టుపక్కల ఎంత బలం ఉందో చూసి, అంతకు మించినదాన్ని ఆ మట్టానికి దించుతుంది. పాట గీతల కింద కొంత హోరు అలాగే మిగులుతుంది, కానీ ఆ గీతే దాన్ని కప్పేస్తుంది.

మూడోది చాలామంది మరిచిపోయేది. దగ్గు అర సెకనులో ఆగినా, సభామందిరం గోడల్లో దాని మారుమోగు ఇంకో సెకను దాకా తేలుతుంది. దగ్గును నున్నగా తీసేసి ఈ తోకను వదిలేస్తే, కారణం లేకుండా ఒక నిట్టూర్పు మిగులుతుంది. అసలు దగ్గు కంటే అదే వింతగా ఉంటుంది. అందుకే ఆ తోకనూ కొంచెం కొంచెంగా, కుడివైపుకు పోయేకొద్దీ తక్కువగా దించుకుంటూ వెళ్లాలి.

నింపడానికి ముందువైపు నుంచి ఎంత తీసుకోవాలి, వెనకవైపు నుంచి ఎంత అన్నది కూడా మన చేతిలో ఉంటుంది. మామూలుగా రెండువైపులా సమానం. దగ్గు అయిన వెంటనే తంబుర తీగ మీటినా, మృదంగం మోగినా, ఆ దెబ్బను సాఫ్ట్‌వేర్ వెనక్కి లాక్కొచ్చి ఖాళీలో పూసేస్తుంది. అప్పుడు దెబ్బ పడకముందే దాని నీడ వినిపిస్తుంది. అలాంటి చోట బరువంతా ముందువైపుకు జరపాలి.

ఇంత చేశాక కూడా దగ్గు పూర్తిగా పోలేదనిపిస్తే, అక్కడే ఆగమని నా సలహా. దీనికి మంచి ఆధారం ఒకటుంది, అదీ దగ్గుకు సంబంధించినదే. 1970లో రిచర్డ్ వారెన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఒక ఇంగ్లీషు వాక్యాన్ని రికార్డు చేసి, అందులో 'లెజిస్లేచర్స్' అనే మాటలో ఒక 'స్' ధ్వనిని పూర్తిగా తీసేసి, ఆ చోట దగ్గును పెట్టారు. 20 మందికి వినిపిస్తే 19 మంది మాటలో ఏ ధ్వనీ లోపించలేదన్నారు. దగ్గు వినిపించింది గానీ, సరిగ్గా ఏ అక్షరం దగ్గర పడిందో చెప్పలేకపోయారు. అదే చోట దగ్గుకు బదులు నిశ్శబ్దం పెడితే, లోపం ఎక్కడుందో వెంటనే పట్టేశారు. ఏదో శబ్దం కప్పేసిందనుకుంటే మెదడు కింద ఉన్నదాన్ని తానే పూరించుకుంటుంది. కప్పినదేమీ లేకుండా ఖాళీ కనిపిస్తే ఆ సాయం చేయదు. అంటే పల్చగా మిగిలిన దగ్గు పాటకు చేసే హాని, అతిగా తుడిచిన ఖాళీ చేసే హాని కంటే తక్కువ. దగ్గును 10 డెసిబెల్స్ దించితే చాలాసార్లు అది సభ సందడిలో కలిసిపోతుంది. వినేవాళ్ల ధ్యాస పాట మీద నుంచి జారకపోతే చాలు.

ఇప్పుడు అదే గాయకుడు, అదే దగ్గు, రాగం మాత్రం తోడి అనుకుందాం. దగ్గు గాంధారం మీద పడింది. తోడి గాంధారం నిలవదు, ఊగుతుంది. తెరమీద ఆ గీతలు అర సెకనులో రెండు మూడు వంపులు తిరిగి ఉంటాయి. `Replace`కు ఆ వంపులు తెలియవు. ఎడమ అంచునూ కుడి అంచునూ చూసి మధ్యలో దాదాపు తిన్నటి గీత వేస్తుంది. శబ్దం శుభ్రంగానే ఉంటుంది గానీ గాంధారం ఊగడం మానేసి బిగుసుకుపోతుంది. రాగం తెలిసినవారికి అది దగ్గు కంటే పెద్ద గాయం. పియానో రికార్డింగ్‌కు పనికొచ్చే అలవాట్లను మన సంగీతానికి ఉన్నవున్నట్టు తెచ్చుకోకూడదని నేననేది ఇందుకే. పియానో స్వరం మీటాక స్థాయి కదలదు, మనకు కదలికే స్వరం.

ఆర్ఎక్స్‌లో `Partials + Noise` అనే పద్ధతి ఒకటుంది. అది రెండు అంచుల్లోని గీతలను జతచేసి, వాలుగా జారే స్వరాన్ని కూడా అనుసరించగలదు. ఒక జారుకు అది బాగానే పనిచేస్తుంది. మధ్యలో పూర్తిగా ఓ వంపు తిరిగి వచ్చిన గమకాన్ని మాత్రం అదీ ఊహించలేదు, ఎందుకంటే ఆ వంపు సాక్ష్యం రెండు అంచుల్లో ఎక్కడా లేదు. అందుకని గమకం మీద పడ్డ దగ్గుకు తిరిగి అల్లడం జోలికి పోకుండా, వంపులు తిరిగిన గీతల వెంబడే చేత్తో జాగ్రత్తగా గీసుకుంటూ, వాటి నడుమ హోరును మాత్రమే `Attenuate`తో దించడం మంచిది. గీతలు మబ్బులో మునిగి కనిపించకపోతే వయొలిన్‌ను చూడాలి. ఆలాపనలో వయొలిన్ గాయకుడి వెంట కొద్ది క్షణాల వెనకగా అదే సంచారాన్ని వాయిస్తూ వస్తుంది. గాయకుడి గీత దగ్గు కింద మునిగినా, దాని రూపం కాస్త కుడివైపున వయొలిన్ గీతల్లో కనిపిస్తుంది. ఎక్కడ గీయాలో అది చెబుతుంది. వినేవాళ్ల చెవికి కూడా అదే ఆసరా.

ఫోను తెచ్చే తంటా దగ్గులాంటిది కాదు, పైగా అది రెండు రకాలు. బల్లమీద వైబ్రేషన్‌లో పెట్టిన ఫోను మోగినప్పుడు లోపలి చిన్న మోటారు సుమారు 150 నుంచి 200 హెర్ట్జ్ మధ్య బల్లను వణికిస్తుంది. ఆ వణుకు మైకు కాడ గుండా ఎక్కుతుంది. ఇంటర్వ్యూ రికార్డింగుల్లో దొరికేది ఎక్కువగా ఇదే. తెరమీద సమాన వ్యవధిలో ఆగి ఆగి వచ్చే పొట్టి అడ్డగీతల్లా ఉంటుంది. గీతలు తిన్నగా ఉంటాయి కాబట్టి, ఒక్కోదాన్నీ సన్నగా ఎంచుకుని దించడం దగ్గు కంటే తేలిక. బల్ల గిలగిల్లాడితే పైన ఒక గరగర కూడా చేరుతుంది. దాన్ని తుడవబోయి మాటలో స, శ, చ లాంటి ధ్వనులను కొరికేయకుండా చూసుకోవాలి, ఎందుకంటే తెరమీద అవీ హోరులాగే కనిపిస్తాయి.

రెండో రకం గాలిలో వినిపించదు, నేరుగా తీగల్లోకి వస్తుంది. కాల్ రాబోయే ముందు స్పీకర్లలో 'డిట్ డిడిట్ డిట్' అని వినిపించేది గుర్తుండే ఉంటుంది. 2జీ ఫోను ఎడతెగకుండా ప్రసారం చేయదు. 4.615 మిల్లీసెకన్లకొకసారి తన వంతు వచ్చినప్పుడు మాత్రమే చేస్తుంది. అంటే సెకనుకు సుమారు 217 సార్లు. మైకు తీగ యాంటెన్నాలా ఆ తాకిడిని పట్టుకుంటే, మనకు 217 హెర్ట్జ్ రొద వినిపిస్తుంది, దానిపైన 434, 651 దగ్గర కూడా. 4జీ ప్రసారం తీరు వేరు కాబట్టి ఇప్పుడిది తగ్గింది. 2000 తర్వాతి పదేళ్లలో చేసిన రికార్డింగుల్లో మాత్రం తరచూ దొరుకుతుంది.

మన గాయకుడి పంచమం 208, ఈ రొద 217. తేడా 9 హెర్ట్జ్. ఇందాక చాలనుకున్న 21.5 హెర్ట్జ్ మెట్లలో ఈ రెండూ ఒకే గీతగా కనిపిస్తాయి. దాన్ని దించితే పంచమమే పోతుంది. లెక్కను 16,384 నమూనాలకు పెంచితే 2.7 హెర్ట్జ్ మెట్లు వచ్చి రెండు గీతలూ విడిపోతాయి. దానికి బదులుగా ఒక్కో ముక్క 372 మిల్లీసెకన్లు అవుతుంది. అంతసేపూ స్వరం కదలకుండా నిలిస్తేనే ఇది పనికొస్తుంది. పైకి వెళ్లేకొద్దీ ఎడం పెరుగుతుంది. 416కూ 434కూ 18, 624కూ 651కీ 27. అందుకే ఇలాంటప్పుడు పై గీతలతో మొదలుపెట్టి కిందికి రావాలి. చెవికి కటువుగా తగిలేవి ఎక్కువగా పైవే, అవి తగ్గాక అడుగున ఉన్న 217ను ముట్టుకోనక్కర్లేకపోవచ్చు.

ఖర్చు లేకుండా మొదలుపెట్టాలంటే ఆడాసిటీ ఉంది. అందులోనూ స్పెక్ట్రోగ్రామ్ మీద ఒక పట్టీని ఎంచుకుని `Spectral edit multi tool`తో దించొచ్చు. ఫోను రొదకు అది సరిపోతుంది. కానీ అది దించుతుందే తప్ప నింపదు, కాబట్టి దగ్గు పేలుడు దగ్గర గుంట మిగులుతుంది. అందులో `Repair` అని ఇంకొకటి ఉంది గానీ, అది 128 నమూనాల వరకే, అంటే 3 మిల్లీసెకన్ల లోపే. గ్రామఫోను టిక్కు శబ్దాలకు ఉద్దేశించినది, దగ్గుకు చాలదు. అడోబీ ఆడిషన్‌లో మచ్చలు తుడిచే బ్రష్ నింపుతుంది కూడా.

ఏ పనిముట్టు వాడినా అసలు ఫైలును ముట్టుకోకుండా ప్రతి మీదే పని చేయాలి. ముగిశాక పరీక్ష ఇలా. అసలు రికార్డింగునూ బాగుచేసినదాన్నీ ఒకే చోట ఒకదాని కింద ఒకటి సరిగ్గా అమర్చి, ఒకదాన్ని `Invert` చేసి రెండూ కలిపి మోగించాలి. మార్చని చోటంతా ఒకదాన్నొకటి కొట్టేసుకుని నిశ్శబ్దమైపోతుంది. మనం మార్చిన చోట తీసేసిన శబ్దమూ, కొత్తగా అల్లిన పేలుడు ముక్కా మిగులుతాయి. హోరు దించిన భాగంలో గొంతు లేని దగ్గు వినిపిస్తే పని సరిగ్గా జరిగింది. అందులో పంచమం సన్నగానైనా పలికితే, పాట గీత మీద ఎక్కడో చేయి పడిందన్నమాట. అది ఏ స్థాయిలో పలుకుతోందో తెరమీద చూసుకుని, ఆ ఒక్క ఎంపికను రద్దు చేసి, గీతకు ఇంకాస్త ఎడంగా మళ్లీ గీయాలి.